కనుబొమల దగ్గరే తెలిసిపోతుంది: తెలుగు న్యూస్ డెస్కులకు ఒక మేకప్‌మన్ బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల్లో, టీవీ చానెళ్లలో, వెబ్‌సైట్లలో పనిచేసే రిపోర్టర్లకు, సబ్ ఎడిటర్లకు నమస్కారం.

నేను మేకప్ పని చేస్తాను. పౌరాణిక నాటకాలతో మొదలుపెట్టి ఇప్పుడు హైదరాబాద్‌లో పెళ్లిళ్లు, స్టేజీ షోలు, పిలిస్తే ఇళ్లకు వెళ్లి చేసే పనులు చూసుకుంటున్నాను. పుట్టుకతో మగపిల్లలని రాయించుకున్నవారికి చీర కట్టి, బొట్టుపెట్టి, జడ వేయడం నా పనిలో పెద్ద భాగం. ఆ పనికి వచ్చేవాళ్లు ఒక్క రకం కాదు. మీరు మాత్రం అందరినీ ఒకే రకంగా రాస్తున్నారు. ఆడతనాన్నో మగతనాన్నో పెద్దది చేసి ఆటపట్టించే వేదిక ప్రదర్శనను డ్రాగ్ అంటారు. ఆ డ్రాగ్ షో ఫొటో కింద 'ట్రాన్స్‌జెండర్ల ఫ్యాషన్ షో' అని ఉంటుంది. బురఖా వేసుకుని దొంగతనానికి దిగినవాడి వార్తకు 'ఆడవేషం సరదా' అని హెడ్డింగ్ ఉంటుంది. పుట్టుకతో మగపిల్లాడని రాయించినా తాను స్త్రీనని తెలుసుకుని బతికే ట్రాన్స్ మహిళ రోడ్డు ప్రమాదంలో గాయపడితే 'ఆడవేషంలో ఉన్న యువకుడు' అని వస్తుంది. ఇవి రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేను అనుకోను. రాత్రి పదిన్నరకు పేజీ వదలాలనే టెన్షన్‌లో కంటికి కనబడింది రాసేస్తారు. చీర కనబడుతుంది, కట్టుకున్న కారణం కనబడదు. చిక్కంతా అక్కడే.

మా పనిలో ఆ కారణం కనుబొమల దగ్గర బయటపడుతుంది. 'కనుబొమలు ఏం చేయమంటారు?' అని అడిగితే చాలు, ఎదురుగా కూర్చున్నవారు ఎందుకొచ్చారో నాకు సగం అర్థమవుతుంది.

నాటకంలో స్త్రీపాత్ర వేసేవారి నుంచి మొదలుపెడతాను, తెలుగువాళ్లకు బాగా తెలిసిన దారి అది కాబట్టి. కూచిపూడి గ్రామంలో ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఆడవాళ్లు గజ్జె కట్టలేదు. భామాకలాపంలో సత్యభామ అంటే మగ కళాకారుడే. వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు దేశం మెచ్చింది ఆ స్త్రీపాత్రలనే. నాటకరంగంలో స్థానం నరసింహారావుగారు అంతకు ముందే, 1956లో, పద్మశ్రీ అందుకున్నారు. బాపట్లలో 1902లో పుట్టిన మనిషి. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామను చూడటానికి ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వచ్చేవని, ఆయన చీరకట్టు చూసి ఇంట్లో ఆడవాళ్లు నేర్చుకునేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు.

ఈ పాత్రలకు మేకప్ చేసేటప్పుడు మా లక్ష్యం ఒక్కటే. మూడో వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి నటుడు గుర్తుకు రాకూడదు, సత్యభామే కనబడాలి. గడ్డం గీసుకున్నా చర్మం కింద పచ్చగా నీడ మిగులుతుంది. దాని మీద నేరుగా పాన్‌కేక్ అనే మందపాటి మేకప్ వేస్తే లైట్ల కింద బూడిదరంగులో తేలుతుంది. అందుకే ముందు నారింజ రంగు కరెక్టర్ పలుచగా అద్ది, ఆ పైన పాన్‌కేక్ వేస్తాం. కనుబొమలు ఒత్తుగా ఉంటే అంచులు సన్నం చేస్తాం, కథలోని స్త్రీకి నప్పే విల్లు గీస్తాం. పాత్రను దాటి ఒక్క గీత కూడా ఎక్కువ ఉండకూడదు. తెల్లవారుజామున నాటకం అయ్యాక కొబ్బరినూనెతో అంతా తుడిచేసుకుని, టీ తాగి, పారితోషికం లెక్క చూసుకుని నటుడు బస్సెక్కుతాడు. ఆయన ఆడవేషం ఆయన ఉద్యోగం. అది ఆయన మనసులోని లింగ గుర్తింపు గురించి ఏమీ చెప్పదు. దుర్యోధనుడి వేషం వేసినవాడి గుణం గురించి ఆ వేషం ఎంత చెబుతుందో ఇదీ అంతే.

డ్రాగ్ కూడా వేదిక మీదే జరుగుతుంది కాబట్టి దీన్నీ దాన్నీ ఒకే గాటన కట్టడం తేలిక. హైదరాబాద్‌లో పత్రుని శాస్త్రి వంటి కళాకారులు డ్రాగ్ చేస్తున్నారని మీరే ఇంటర్వ్యూలు వేశారు. ఆ ఫొటోలు ఒకసారి మళ్లీ చూడండి. అక్కడ కనుబొమలు ఉన్నచోట ఉండవు. గ్లూ స్టిక్‌తో సొంత కనుబొమలను చర్మానికి అంటించేస్తారు. ఒక పొర ఆరాక ఇంకో పొర, అలా మూడు నాలుగు పొరలు. దాని మీద పౌడర్, ఆ పైన కన్సీలర్. నున్నగా అయ్యాక నుదుటి మీద, అసలు చోటుకు బాగా పైన, కొత్త కనుబొమలు గీస్తారు. కళ్ల రంగు ఆ మధ్య జాగానంతా ఆక్రమిస్తుంది. ఏ ఆడమనిషి ముఖమూ అలా ఉండదు, అలా ఉండాలని వాళ్లూ అనుకోరు. ఆడతనం, మగతనం అంటూ సమాజం గీసిన గీతలనే ఇంకా లావుగా గీసి చూపించడం ఆ కళ. పెదాలు పాటకు కదుపుతారు, జోకులు వేస్తారు, రాజకీయం మాట్లాడతారు. తమకంటూ ఒక వేదిక పేరు పెట్టుకుంటారు. ఆ పేరుకు ఒక నడక, ఒక గొంతు, ఒక నోటిదురుసు ఉంటాయి. స్థానంవారి ప్రేక్షకుడు 'ఈయన మగవాడు' అన్న సంగతి మరచిపోవాలి. డ్రాగ్ ప్రేక్షకుడు అది మరచిపోతే సరదా సగం పోతుంది.

అందుకే స్థానంవారిని 'మన తొలి డ్రాగ్ క్వీన్' అని ఈమధ్య ఎవరైనా రాస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తక్కువచేసి అనడం లేదు, రెండూ వేరు విద్యలు. డ్రాగ్‌కు దాని సొంత చరిత్ర ఉంది. అమెరికాలో బానిసగా పుట్టిన విలియం డోర్సీ స్వాన్ అనే నల్లజాతి మనిషి 1880లలోనే వాషింగ్టన్‌లో డ్రాగ్ నాట్యసభలు నడిపి, వాటి మీద పోలీసులు దాడులు చేస్తే తట్టుకుని నిలబడ్డాడు. ఇంకో సంగతి, డ్రాగ్ మగవాళ్ల సొత్తు కాదు. మీసం అంటించుకుని, ఛాతీ విరుచుకుని మగతనాన్ని ఆటపట్టించే ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను డ్రాగ్ కింగ్ అంటారు. డ్రాగ్ చేసేవారిలో మగవాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు, ట్రాన్స్ మనుషులూ ఉన్నారు. డ్రాగ్ అనేది వాళ్లు చేసే ప్రదర్శన పేరు. వాళ్లు ఎవరన్నది వేరే సంగతి.

ఇక మీ పత్రికల్లో ఎప్పుడూ సరిగా కనబడని మూడో రకం. వీళ్లు వేదిక ఎక్కరు. ఫోన్ చేసినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారు. 'మేకప్ ఎవరికండీ?' అంటే మొదట 'మా చెల్లికి' అంటారు. వెళితే గదిలో ఆయనొక్కరే ఉంటారు. పెళ్లయినవారు, పిల్లలున్నవారు, మంచి ఉద్యోగంలో ఉన్నవారు ఎక్కువ. పెట్టెలోంచి తను కొన్న చీర, మ్యాచింగ్ గాజులు తీస్తారు. కనుబొమల సంగతి నేను అడగకముందే ఆయనే చెబుతారు: 'వాటి జోలికి పోవద్దండీ, సోమవారం ఆఫీసుంది.' గోళ్లరంగు వద్దంటారు, వేసినా రిమూవర్ సీసా పక్కనే ఉండాలి. కాటుక మరీ భయం, మర్నాడు కంటి మూలల్లో మిగిలిపోతుందని. రెండు గంటలు అద్దం ముందు కూర్చుని, ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని, ఒక్కోసారి వాటినీ చెరిపేసి, మళ్లీ చొక్కా వేసుకుంటారు.

దీన్నే క్రాస్‌డ్రెస్సింగ్ అంటారు. చూసేవారి కోసం కాదు, డబ్బుకోసం కాదు. ఆ బట్టలు కట్టుకుంటే మనసు నెమ్మదిస్తుందని కొందరు అంటారు, అందంగా అనిపిస్తుందని కొందరు, కొందరికి అందులో శృంగారభావం కూడా ఉంటుంది. కానీ నాతో మాట్లాడినవాళ్లలో చాలామంది తాము మగవాళ్లమనే చెప్పారు. శరీరం మార్చుకోవాలని గానీ, రోజంతా ఆడమనిషిగా బతకాలని గానీ వాళ్లకు లేదు. 'అయితే గే అన్నమాట' అని మీలో ఎవరో అనేసుంటారు. ఎవరిని ప్రేమిస్తారన్నది బట్టలతో తేలే విషయం కాదు. వీళ్లలో భార్యను ప్రాణంగా చూసుకునేవాళ్లను నేనెరుగుదును. జర్మన్ డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1910లోనే ఈ రెండూ వేర్వేరని పుస్తకం రాశాడు. నూరేళ్లు దాటాక కూడా మన దగ్గర అదే అనుమానం. ఇంకొకటి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమల్లోకి తెచ్చిన రోగాల జాబితాలో ఈ అలవాటు జబ్బుగా లేదు. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని కూడా అదే జాబితాలో మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసేశారు. 'మానసిక రోగి' అని రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మొక్కు కోసం వేసే వేషం మాత్రం క్రాస్‌డ్రెస్సింగ్ కింద రాదు. తిరుపతి గంగమ్మ జాతరలో ఒక్కోరోజు ఒక్కో వేషం వేస్తారు, చివరి రోజుల్లో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని అమ్మవారి దగ్గరకు వెళతారు. తండ్రి మొక్కుకున్నాడని మీసాలున్న కుర్రాడు కూడా చీర కడతాడు. అది భక్తి. మర్నాడు ఆటో నడుపుకుంటాడు. బురఖాలో బ్యాంకుకో నగల షాపుకో వచ్చినవాడిది మారువేషం, సీసీ కెమెరాకు దొరక్కుండా. వీళ్లెవరినీ క్రాస్‌డ్రెసర్ అని రాయడం కుదరదు, ట్రాన్స్‌జెండర్ అని అసలే కుదరదు.

ఇప్పుడు నా దగ్గరకొచ్చే ట్రాన్స్ మహిళల గురించి. పెళ్లికో, ఫంక్షన్‌కో, ఇంటర్వ్యూకో వస్తారు. కనుబొమలు ఎప్పుడో పార్లర్‌లో త్రెడింగ్ చేయించుకుని ఉంటారు, అవి మామూలుగానే వాళ్ల ముఖంలో భాగం. జుట్టు సొంతది, పెంచుకున్నది. గడ్డానికి లేజర్ చేయించుకుంటూ ఉంటారు, అది ఒక్కసారితో అయ్యే పని కాదు, నెలల తరబడి సిట్టింగులు. ఆడ హార్మోన్లు వాడితే చర్మం మెత్తబడుతుంది, ఒంటి తీరు మారుతుంది. కానీ అప్పటికే వచ్చిన గడ్డం పోదు, మారిన గొంతు వెనక్కి రాదు. 'గొంతు చూడు, మగాడే' అని నవ్వేవాళ్లకు ఈ చిన్న విషయం తెలియదు. వీళ్లు నాతో అనే మొదటి మాట దాదాపు ఒకటే: 'ఎక్కువ వేయొద్దన్నా, వేషంలా ఉండకూడదు.' నాటకానికీ డ్రాగ్‌కూ నేను ఎంత రంగు ఎక్కిస్తానో, ఇక్కడ అంత తగ్గించాలి.

తేడా అసలు ఇక్కడుంది. మిగతావారికి చీర విప్పితే అది ముగుస్తుంది. ట్రాన్స్ మహిళ చీర విప్పి నైటీ వేసుకున్నా, ప్యాంటు వేసుకున్నా స్త్రీయే. ఇంట్లోవాళ్ల భయానికి చొక్కా వేసుకుని కాలేజీకి పోయిన రోజుల్లోనే తాను వేషంలో ఉన్నానని చాలామంది నాతో అన్నారు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ట్రాన్స్ మహిళలైన డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ వైద్యులుగా చేరారు. వాళ్ల ఒంటి మీద ఉన్నది డాక్టర్ కోటు. 2024 చివర్లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగం ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకుంది. ఎండలో వాళ్లు వేసుకుని నిలబడేది యూనిఫాం. బట్టలతో ముడిపెట్టి రాసే అలవాటు వీళ్ల దగ్గర పనికిరాదు. ట్రాన్స్ పురుషుల దగ్గర అయితే ఇంకా పనికిరాదు. ఆడపిల్లగా పెంచినా మగవాడినని తెలుసుకుని బతికే వీళ్లకు టెస్టోస్టెరాన్ వల్ల గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది. వీధిలో పక్కన నిలబడినా మీరు గుర్తుపట్టరు. నా కుర్చీలోకి వాళ్లు రారు, మీ వార్తల్లోకీ రారు. ట్రాన్స్‌జెండర్ అనగానే మీ ఫొటో ఎడిటర్ సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టే చీర బొమ్మనే పెట్టడానికి ఇదొక కారణం.

హిజ్రా అన్న మాట కూడా అందరికీ అతకదు. అది గురువు, చేలాలనే శిష్యులు, ఇంటి కట్టుబాట్లు ఉన్న ఒక సముదాయం. ట్రాన్స్ మహిళలందరూ ఆ ఇళ్లలో చేరరు. సర్జరీ అయిందా లేదా అన్నది కూడా కొలబద్ద కాదు. 2014 ఏప్రిల్ 15న నల్సా, అంటే జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ, వేసిన కేసులో సుప్రీంకోర్టు తన లింగ గుర్తింపు తాను చెప్పుకునే హక్కు మనిషిదేనని, దానికి సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని చెప్పింది. 'ఆపరేషన్ చేయించుకున్నారా?' అని మైకు పెట్టి అడిగే చానెల్ కుర్రాళ్లు మిగతా అతిథులను ఆ ప్రశ్న ఎందుకు అడగరో ఆలోచించాలి.

బట్టలను బట్టి మనిషిని తేల్చేయడం మీతో మొదలైంది కాదు. నిజాం రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. నపుంసకులని సర్కారు అనుకున్నవారి పేర్లు రిజిస్టర్‌లో రాయించాలి. ఆ జాబితాలోని వ్యక్తి వీధిలో ఆడబట్టలతో గానీ నగలతో గానీ కనబడితే, పాడితే, ఆడితే, వారంట్ లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. దాదాపు అదే కాలంలో ఇటు కోస్తాలో స్థానంవారు చీర కట్టి చప్పట్లు అందుకుంటున్నారు. గుడ్డ ఒకటే. వేదిక మీద ఉంటే కళ, వీధిలో ఉంటే నేరం. ఆ చట్టం కాగితం మీద ఎంతకాలం బతికిందో తెలుసా? తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసేదాకా.

మీ డెస్కుకు వచ్చే వార్త ఒకటి ఊహించి చూద్దాం. రాత్రి పదకొండు గంటలకు బస్టాండు దగ్గర చీరలో ఉన్న ఒకరిని పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు. స్ట్రింగర్ ఫొటో పంపాడు, 'ఆధార్‌లో మగపేరు ఉంది సార్' అన్నాడు. మీ చేతిలో ఉన్నది అంతే. ఆ మనిషి పక్క ఊరి నాటకం నుంచి మేకప్ తుడుచుకోకుండా వస్తున్న నటుడు కావచ్చు. అప్పుడు మీ వార్త ఆయనకు నవ్వులాట, నాలుగు రోజుల్లో మరచిపోతారు. ట్రాన్స్ మహిళ కావచ్చు. అప్పుడు ఆధార్‌లోని పాత పేరు అచ్చువేస్తే, ఆమె ఇన్నేళ్లు కూడగట్టుకున్న బతుకును ఇల్లుగలవాళ్ల ముందు, పనిచేసేచోట బద్దలు కొట్టినట్టే. క్రాస్‌డ్రెసర్ కావచ్చు. ఎప్పుడో ఒక్కరాత్రి ధైర్యం చేసి గది దాటి బయట నడిచిన మనిషి. ఈ ముగ్గురిలో ఎక్కువ దెబ్బ తినేది ఆయనే అని నా అనుభవం. ట్రాన్స్ మహిళకు తోటివారు, సంఘాలు, ఒక గురువైనా ఉండే అవకాశం ఉంది. ఈయనకు తన రహస్యం తప్ప ఎవరూ లేరు. ఫొటోలో ముఖం కనబడితే మర్నాడు భార్యకు, అత్తగారింటికి, ఆఫీసు వాట్సాప్ గ్రూపుకు అదే చేరుతుంది.

వీళ్లలో ఎవరో ఫొటో చూసి మీరు చెప్పలేరు. నేనూ చెప్పలేను, కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడితే తప్ప. కాబట్టి తెలిసేదాకా 'చీరలో ఉన్న ఒక వ్యక్తి' అని రాయండి. మాట్లాడే వీలుంటే 'మిమ్మల్ని ఎలా రాయమంటారు, ఏ పేరు వేయమంటారు?' అని అడగండి, చెప్పింది వేయండి. అంతకు ముందు ఇంకో ప్రశ్న మీ డెస్కులోనే వేసుకోండి: నేరం ఏమిటి? మగవాడు చీర కట్టడం నేరం అనే సెక్షన్ ఏదీ లేదు. దొంగతనమో, కొట్లాటో జరిగి ఉంటే అది రాయండి. ఏమీ జరగకపోతే అది వార్తే కాదు.

నేను గీసిన గీతలు కూడా రాతిగీతలు కావు, అది కూడా చెప్పాలి. టీవీ కామెడీ స్కిట్లలో లేడీ గెటప్‌లు వేసేవాళ్లలో చాలామంది భార్యాబిడ్డలున్న మగవాళ్లు, అది వాళ్ల కూలి. వాళ్ల మధ్యనే పనిచేసిన ప్రియాంక సింగ్ తాను ట్రాన్స్ మహిళనని బయటకు చెప్పి, 2021లో బిగ్‌బాస్ తెలుగు ఐదో సీజన్‌లో ఆ పేరుతోనే కనిపించారు. ఒకే సెట్టు, ఒకే విగ్గు, మనుషులు వేరు. రహస్యంగా చీర కట్టుకునే ఒకాయన కొన్నేళ్లకు 'ఇది సరదా కాదు, నేను ఆడదాన్నే' అని నాతో అన్నారు. ఇంకొకాయన అరవై దాటినా అదే పెట్టె, అదే చీర, అదే తాళం. తెలంగాణ జాతరల్లో చీర కట్టి పూనకంతో ఊగే శివసత్తుల్లో దేవుడి పిలుపుతో కట్టానన్నవారూ ఉంటారు, నేను స్త్రీనే అన్నవారూ ఉంటారు, ఆ రెండూ వేరు చేయడం ఇష్టంలేనివారూ ఉంటారు. ఎవరిని ఏ గడిలో వేయాలో బయటినుంచి మనం తేల్చేది కాదు. ఆ మనిషి నోటి నుంచి రావాల్సిందే.

రేపు మీ పేపర్లో డ్రాగ్ షో మీద ఫొటో వార్త వేస్తే కింద కళాకారుల వేదిక పేర్లు వేయండి, అసలు పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే. ఇప్పటికే తప్పుగా వెళ్లిన వార్తలు వెబ్‌సైట్లలో అలాగే ఉన్నాయి, పేరు కొట్టి వెతికితే మొదట అవే వస్తున్నాయి. పేపర్లో సవరణ మూలన వేసి ఊరుకోకండి. ఆ పేజీలోనే పాత పేరు, ముఖం తీసేయించండి.

ఇట్లు,
ఒక రంగస్థల మేకప్‌మన్,
హైదరాబాద్